గొంతు నేర్చిన స్పీకరు: మూడేళ్ల వాడకం తర్వాత

మా హాల్లోని స్మార్ట్ స్పీకరుకు నా గొంతు నేర్పించి మూడేళ్లయింది. నేను పిలిస్తేనే పలకాలని, ఇంట్లో మిగతావారి మాటలు పట్టించుకోకూడదని నా కోరిక. ఫోనులో అది చాలావరకు నెరవేరింది, స్పీకరులో నెరవేరలేదు. ఈ తేడా కొనేముందే తెలిసి ఉంటే బాగుండేది.

ఫోనులో గొంతు నమోదు తలుపుకు గడియ లాంటిది. పిలుపు మాట నా గొంతులో వినిపిస్తేనే అది మేల్కొంటుంది. స్పీకరు అలా కాదు, ఎవరు పిలిచినా మేల్కొంటుంది. పిలిచింది నేనని గుర్తుపడితే నా క్యాలెండరు, నా సందేశాలు తెరుస్తుంది. గుర్తుపట్టకపోతే పాటలు, వాతావరణం, అలారం వంటివి మాత్రం అందరికీ ఇస్తుంది. అంటే అది ఇతరులను విననట్టు కాదు, ఎవరు ఎవరో వేరు చేస్తోందంతే.

మొదటిసారి పడకగదిలో తలుపు వేసుకుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, అక్షరం అక్షరం ఒత్తి పలుకుతూ నమోదు చేశాను. హాల్లో సోఫా మీద నుంచి పిలిస్తే సగం సార్లు నన్ను పోల్చుకోలేదు. కారణం తర్వాత అర్థమైంది. అది విన్న నమూనాలో ఫ్యాను హోరు లేదు, గోడల ప్రతిధ్వని లేదు, దూరం లేదు. పాత నమూనా తీసేసి, సాయంత్రం ఫ్యాను తిరుగుతుండగా, రోజూ కూర్చునే చోటి నుంచే, వంట గురించి మాట్లాడేంత మామూలు గొంతుతో మళ్లీ చెప్పాను. “నేను ఎవరిని?” అని అడిగి చూడడం మంచి పరీక్ష. సోఫా నుంచి, వంటగది గుమ్మం నుంచి, బాల్కనీ నుంచి అడిగాను. మొదటి రెండు చోట్లా నా పేరే వచ్చింది, బాల్కనీ నుంచి మాత్రం రాలేదు.

అయినా రెండు లోపాలు మిగిలాయి. మా చెల్లి గొంతు నా గొంతులాగే ఉంటుంది. ఒకసారి తను అడిగితే స్పీకరు నా ఆసుపత్రి అపాయింట్‌మెంటు హాలంతా వినిపించేలా చదివేసింది. తన గొంతును కూడా వేరుగా నమోదు చేయించాక ఆ పొరపాటు బాగా తగ్గింది. పోల్చుకోవడానికి రెండో నమూనా దొరికింది కదా! రెండోది ఇంకా మొండిది. ఒకసారి నేను పిలుపు మాట అని ఊపిరి తీసుకునేలోపు మేనల్లుడు “క్యాలెండరు చదువు” అన్నాడు, నా క్యాలెండరు చదివేసింది. పిలుపు ఎవరిదో చూసింది కానీ, ఆ వెనక వచ్చిన మాట ఎవరిదో చూడలేదు. టీవీ మోగుతున్నప్పుడు కూడా ఇదే తంతు.

అందుకే ఇప్పుడు ఆ స్పీకరులో నా సందేశాలు, క్యాలెండరు ఆపేశాను. కొనుగోళ్లకు పిన్ పెట్టాను. రికార్డు చేసిన గొంతు కూడా దాన్ని మోసం చేయవచ్చు కాబట్టి గొంతును తాళంగా నమ్మడం లేదు. జలుబు చేసినప్పుడు నన్ను పోల్చుకోకపోతే ఊరుకుంటాను. ఆ బొంగురు గొంతుతో మళ్లీ నమోదు చేస్తే, తగ్గాక నా అసలు గొంతే దానికి కొత్తవుతుంది.