తొమ్మిదేళ్లుగా మా ల్యాబ్ గిలకతో

అనంతపురంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. పుస్తకంలో దీన్ని అట్‌వుడ్ యంత్రం అంటారు, మా పిల్లలకు మాత్రం బావి గిలక. 60 గ్రాముల అల్యూమినియం గిలక, సన్నని దారం, రెండు చివర్లా తూకాలు. 9 ఏళ్లుగా వాడుతున్నాను.

నేను ఎక్కువగా కట్టేవి 210, 190 గ్రాములు. తేడా తక్కువ కాబట్టి నిదానంగా దిగుతుంది, స్టాప్‌వాచ్‌కు దొరుకుతుంది. లాగేది 20 గ్రాముల బరువు, కదలాల్సింది 400 గ్రాములు. అంటే త్వరణం 9.8లో ఇరవయ్యో వంతు, 0.49 మీ/సె². మీటరు దిగడానికి 2.02 సెకన్లు చాలు.

మా గిలక మాత్రం ఎప్పుడు చూసినా 2.2 సెకన్లు తీసుకునేది. మొదట్లో పిల్లల బొటనవేళ్లను తిట్టాను. కానీ వేలి తప్పయితే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ రావాలి కదా. ఇది ప్రతిసారీ ఆలస్యమే. ఒకరోజు రెండువైపులా 200 గ్రాములు కట్టి, ఒకవైపు బంకమట్టి అద్దుతూ మెల్లగా తోసి చూశాను. 2 గ్రాములు అద్దాక గాని ఒకే వేగంతో సాగలేదు. అంటే 20లో 2 ఇరుసు రాపిడే తినేస్తోంది. పైగా గిలక కూడా తిరగాలి. నిండు బిళ్ల కాబట్టి సగం బరువు, 30 గ్రాములు, కదిలే వాటిలో కలపాలి. 18ని 430తో భాగించి 9.8తో గుణిస్తే 0.41. సమయం 2.21 సెకన్లు. పాపం పిల్లలు!

టెన్షన్ దగ్గరే అసలు గొడవ. పెద్ద తూకం బరువు 2.06 న్యూటన్లు కాబట్టి దారంలో టెన్షన్ కూడా అంతే అని రాస్తారు. అంతే ఉంటే ఆ తూకం దిగడం ఎందుకు మొదలుపెడుతుంది?

T = 2m₁m₂g/(m₁+m₂)

దీని ప్రకారం 1.955 న్యూటన్లు, రెండు బరువులకూ మధ్యలో. రాపిడి లేని, తేలికైన గిలకైతేనే ఇది రెండువైపులా ఒకటే. మా దాంట్లో బరువువైపు 1.97, రెండోవైపు 1.94.

ఇంత చిన్న తేడాను పిల్లలకు చూపించలేం. అందుకే గిలకను స్ప్రింగ్ త్రాసుకు వేలాడదీస్తాను. ముందు 200, 200 కట్టి ముల్లు ఎక్కడుందో గుర్తు పెడతాం. తర్వాత 300, 100 కట్టి వదిలేస్తాం. మొత్తం అదే 400, అయినా దిగుతున్నంతసేపు ముల్లు దాదాపు 90 గ్రాములు తక్కువ చూపిస్తుంది. అరసెకను పైచిలుకులో అయిపోతుంది, ముల్లు ఊగుతుంది కూడా, కాబట్టి ఫోన్‌లో స్లోమోషన్ తీయాల్సిందే. డిజిటల్ త్రాసు కొనకండి, అంకె మారేలోపు తూకం నేలమీద ఉంటుంది.

ఒక ఫిర్యాదు ఉంది. ఇరుసుకు మూత లేదు. గాలికాలంలో ఇక్కడి దుమ్ము నూనెతో కలిసి జిగురవుతుంది. ఏటా జూలైలో కిరోసిన్‌తో కడిగి, ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తాను. ఆ వారం బంకమట్టి అర గ్రాము చాలు.