బిల్లు ఫోటో, నేమ్ ప్లేటు ఫోటో కలిపి రిటర్న్ పెట్టడం: చాలాకాలం వాడిన తర్వాత నా సమీక్ష

నాది అనంతపురంలో బోరు మోటార్లు దించే పని. ఈమధ్య చాలామంది మోటారు ఆన్‌లైన్‌లో తెప్పించుకొని, దించడానికి మాత్రం మమ్మల్ని పిలుస్తున్నారు. వచ్చిన సరుకు ఆర్డర్ పెట్టిన మోడలేనా కాదా అని తేల్చే పని కూడా అలా మా మీదే పడుతుంది. తేడా ఉంటే రిటర్న్ పెట్టేటప్పుడు బిల్లు ఫోటో, మోటారు మీది నేమ్ ప్లేటు ఫోటో రెండూ కలిపి పంపించడం కొన్నేళ్లుగా నా అలవాటు. ఈ పద్ధతి ఎక్కడ బాగా పని చేస్తుందో, ఎక్కడ చేయదో వాడి చూసిన మనిషిగా రాస్తున్నా.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. బిల్లులో మోడల్ కోడ్ ఉంటే ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు, అవతల క్లెయిమ్ చూసేవాళ్లు అడ్డం చెప్పడానికి చోటుండదు. బిల్లులో "సబ్‌మెర్సిబుల్ పంప్ 1 హెచ్‌పీ" అని మాత్రమే ఉంటే మాత్రం ఈ రెండు ఫోటోలు సగం పనే చేస్తాయి, మూడోది ఒకటి కావాలి.

ఒక కేసు మొత్తం చెప్తాను, అప్పుడు అర్థమవుతుంది. బుక్కరాయసముద్రం దగ్గర ఒక పెద్దాయన ఇంటి బోరుకు 1 హెచ్‌పీ, 12 స్టేజీల మోటారు తెప్పించుకున్నాడు. స్టేజీలంటే లోపల నీళ్లను మెట్టు మెట్టుగా పైకి నెట్టే చక్రాలు. బోరులో నీళ్లు 180 అడుగుల దగ్గర, అంటే దాదాపు 55 మీటర్ల లోతులో ఉన్నాయి. పెట్టె మీద స్టిక్కరు చూస్తే అంతా సరిగ్గానే ఉంది. మోటారు బయటికి తీసి ప్లేటు చదివితే 8 స్టేజీలని ఉంది, గరిష్ఠ హెడ్, అంటే నీళ్లను ఎక్కించగల ఎత్తు, 52 మీటర్లు అని ఉంది. దాన్ని ఆ బోరులో దించితే మోటారు తిరుగుతుంది, కరెంటు తీసుకుంటుంది, నీళ్లు మాత్రం పైకి రావు. హెచ్‌పీ రెండింటికీ ఒకటే, ప్లేటు మీద 0.75 కిలోవాట్లు, 1.0 హెచ్‌పీ అని అచ్చం అలాగే ఉంటుంది. చూడ్డానికి కూడా రెండూ 4 అంగుళాల స్టీలు మోటార్లే. తేడా అంతా స్టేజీల్లో ఉంది. స్టేజీలు ఎక్కువైతే నీళ్లు ఎక్కువ ఎత్తుకు ఎక్కుతాయి, తక్కువైతే అదే హెచ్‌పీతో తక్కువ ఎత్తుకు ఎక్కువ నీళ్లు వస్తాయి. మన జిల్లాలో లోతు బోర్లే ఎక్కువ కాబట్టి ఈ తేడా ఇక్కడ చాలా నష్టం చేస్తుంది.

అప్పటికే ఆయన కొడుకు ఒకసారి రిటర్న్ పెట్టి ఉన్నాడు. పెట్టె మీది స్టిక్కరు ఫోటో, బిల్లు ఫోటో పంపాడు. "మీకు వచ్చిన వస్తువు బిల్లుతో సరిపోయింది" అని రెండో రోజుకే తిరస్కరించారు. వాళ్ల వైపు నుంచి చూస్తే అది నిజమే, పెట్టె మీద ఉన్న కోడ్, బిల్లులో ఉన్న కోడ్ ఒకటే. లోపల ఉన్న మోటారు వేరే అన్న సంగతి ఆ ఫోటోల్లో ఎక్కడా లేదు.

అందుకే నేను ఎప్పుడూ మూడు చోట్లు చూస్తాను: బిల్లు, పెట్టె స్టిక్కరు, మోటారు ప్లేటు. ఆ పెద్దాయన బిల్లు ఫోన్‌లో తెరిచి, వస్తువు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న వరుస పెద్దది చేసి చూస్తే SB4-1012 అని కోడ్ కనిపించింది (కంపెనీ తెలియకూడదని కోడ్ మార్చి రాస్తున్నా). అందులో 10 అంటే 1.0 హెచ్‌పీ, 12 అంటే స్టేజీలు. పెట్టె మీదా అదే కోడ్, సీరియల్ నంబరు చివర 417. మోటారు ప్లేటు మీద SB4-1008, సీరియల్ చివర 962. పెట్టె సీరియల్, మోటారు సీరియల్ వేరు వేరు అయ్యాయంటే ఆ పెట్టెలో పుట్టిన మోటారు అది కాదు. ప్యాకింగ్‌లో తారుమారైందో, ముందెవరో తిప్పి పంపిన సరుకు మార్చి పెట్టారో మనం తేల్చనక్కర్లేదు. రెండు నంబర్లు కలవడం లేదని చూపిస్తే చాలు.

ఇక ఫోటోలు. బిల్లు పూర్తిగా, నాలుగు మూలలూ కనపడేలా ఒకటి. ప్లేటు దగ్గరగా, ప్రతి అక్షరం చదివేలా ఒకటి. పెట్టె స్టిక్కరు ఒకటి. చివరగా బిల్లు కాగితం ప్లేటు పక్కనే పట్టుకొని రెండూ ఒకే ఫ్రేములో ఉండేలా ఒకటి, ఇది ముఖ్యం. ఈ చివరి ఫోటోలో అక్షరాలు చిన్నగా ఉంటాయి, చదవడానికి అది పనికిరాదు, ఆ బిల్లు ఈ మోటారుదే అని ముడి వేయడానికి పనికొస్తుంది. విడివిడిగా మాత్రమే పంపితే "ఈ ప్లేటు ఫోటో ఎక్కడిది?" అని అడుగుతారు, కలిపింది మాత్రమే పంపితే "స్పష్టంగా లేదు" అంటారు. రెండు రకాలూ ఒకేసారి పంపితే ఈ రెండు మాటలకీ అవకాశం ఉండదు.

ప్లేటు ఫోటో తీయడంలోనే ఎక్కువమంది ఇబ్బంది పడతారు. స్టీలు బాడీ గుండ్రంగా, మెరుస్తూ ఉంటుంది, మన ఎండకు నేరుగా తీస్తే మధ్యలో తెల్లటి గీత తప్ప ఏమీ కనపడదు. నీడలోకి తీసుకురండి, ఫ్లాష్ ఆపండి, ఫోన్ కొంచెం పక్కకు వంచి తీయండి. నూనె మరకలుంటే పొడి గుడ్డతో తుడవండి. ప్లేటు మీద అక్షరాలు పంచి కొట్టినవైతే సుద్దముక్క రుద్ది పైపైన తుడిస్తే గుంటల్లో తెల్లపొడి నిలిచి అక్షరం లేస్తుంది. తీశాక ఫోన్‌లో పెద్దది చేసి మీరే ఒకసారి చదవండి. 8కీ Bకీ, 0కీ Oకీ, 5కీ Sకీ తేడా మీకే తెలియకపోతే అవతలివాళ్లకు అసలు తెలియదు. 1012, 1008 లాంటి కోడ్లలో ఒక్క అంకె మసకబారితే కేసు మొత్తం పోతుంది.

వాట్సాప్‌లో ఎవరికైనా పంపి, వాళ్లు దాన్ని క్లెయిమ్‌లో పెడితే ఫోటో నలిగిపోయి అక్షరాలు అలుక్కుపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫోటోనే వెళ్తుంది. బెంగళూరులో ఉన్న కొడుకో కూతురో వాళ్ల అకౌంట్ నుంచి ఆర్డర్ పెట్టి, సరుకు ఇక్కడికి పంపడం మన దగ్గర మామూలు. రిటర్న్ కూడా ఆ అకౌంట్ నుంచే పెట్టాలి కాబట్టి ఫోటోలు ఇక్కడ తీసి అక్కడికి పంపాల్సిందే, అందుకే ఈ మాట చెప్తున్నా. బిల్లు ఎవరికైనా చూపించేటప్పుడు ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు కప్పుకోవచ్చు. బిల్లు నంబరు, తేదీ, అమ్మినవాళ్ల జీఎస్టీ నంబరు, వస్తువు వరుస మాత్రం కప్పొద్దు.

క్లెయిమ్‌లో కారణం "తప్పు వస్తువు వచ్చింది" అని ఎంచుకోవాలి, "పని చేయడం లేదు" అని కాదు. రెండోది ఎంచుకుంటే టెక్నీషియన్ వచ్చి చూసి, మోటారు తిరుగుతోంది కాబట్టి లోపం లేదని రాసి వెళ్తాడు. ఆ పెద్దాయన తరఫున మేం రాసింది ఇంతే: "బిల్లులో SB4-1012, 12 స్టేజీలు. మోటారు ప్లేటు మీద SB4-1008, 8 స్టేజీలు. పెట్టె సీరియల్, మోటారు సీరియల్ కలవడం లేదు. మోటారు బోరులో దించలేదు, కేబుల్ కోయలేదు. నాలుగు ఫోటోలు జతచేశాం." కోపం, పాత కథ ఏమీ రాయలేదు. ఈసారి ఒప్పుకున్నారు. తీసుకెళ్లడానికి వచ్చిన అబ్బాయి తన ఫోన్‌లో ఉన్న వివరాలతో సరిచూసుకొని "బిల్లు ప్రకారం 12 స్టేజీలు కదన్నా, ఇది 8 ఉందే" అన్నాడు. అందుకే రిటర్న్ పెట్టాం అని ఫోటోలు చూపిస్తే, వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేసి మాట్లాడి తీసుకెళ్లాడు. సరైన మోటారు వచ్చాకే దించాం.

ఆ "దించలేదు" అన్న మాట తేలిగ్గా తీసుకోవద్దు. ఒకసారి కేసింగ్‌లోకి దిగితే బాడీ మీద గీతలు పడతాయి, బురద పడుతుంది, జాయింటు కోసం కేబుల్ కోస్తాం. ఆ తర్వాత ప్లేటు ఎంత బాగా ఫోటో తీసినా వాడిన సరుకు అని తిప్పి పంపేస్తారు. కాబట్టి పైపులు దింపడం మొదలుపెట్టక ముందే ప్లేటు చదవాలి, మనుషులు, క్రేను అంతా వచ్చి నిలబడ్డా సరే ఆ ఐదు నిమిషాలు ఆగాలి.

ఇప్పుడు ఈ పద్ధతి చాలని చోటు. జీఎస్టీ బిల్లులో ఏముండాలో 46వ నిబంధన చెప్తుంది: అమ్మినవాళ్ల పేరు, జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, తేదీ, వస్తువు వివరణ, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, పరిమాణం, ధర, పన్ను ఇలాంటివి. వివరణ ఉండాలంది కానీ మోడల్ నంబరో సీరియల్ నంబరో ఉండాలని అనలేదు. పన్ను కోసం సరుకు రకాన్ని చెప్పే ఈ హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ చూసి తేల్చుకుందామంటే నీటి పంపులన్నిటికీ 8413 కిందే వస్తుంది, 8 స్టేజీలైనా 12 స్టేజీలైనా అదే. కాబట్టి "1 హెచ్‌పీ పంప్" అని రాసిన బిల్లు చట్టం ప్రకారం సరైన బిల్లే, మనకు మాత్రం పనికిరాదు. అలాంటప్పుడు ఆర్డర్ పెట్టిన రోజు వస్తువు పేజీలో స్టేజీలు, హెడ్ చూపించే భాగం స్క్రీన్‌షాట్ ఉండాలి. తర్వాత తీద్దాం అనుకుంటే ఆ పేజీలో వివరాలు మారిపోవచ్చు, వస్తువే తీసేయొచ్చు. స్క్రీన్‌షాట్, ఆర్డర్ నంబరు ఉన్న బిల్లు, ప్లేటు, ఈ మూడూ కలిస్తే మళ్లీ పూర్తి రుజువు అవుతుంది. ఈ-కామర్స్‌కు 2020లో వచ్చిన వినియోగదారుల నిబంధనల్లో, చూపించిన లక్షణాలు లేని సరుకును అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోకుండా ఉండకూడదని ఉంది. "చూపించిన లక్షణాలు" ఏవో మన చేతిలో ఉండేది ఆ స్క్రీన్‌షాట్‌లోనే. అప్పటికీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేసేటప్పుడూ ఇవే కాగితాలు అడుగుతారు.

ప్యానెల్ బోర్డు కలిపి సెట్‌గా కొన్నవాళ్లు ఇంకొకటి గమనించాలి. బిల్లులో ఒకే వరుస ఉంటుంది, బోర్డుకు మాత్రం వేరే ప్లేటు, వేరే కోడ్ ఉంటాయి. మోటారు ప్లేటు ఒక్కటే పంపితే బోర్డు తప్పు వచ్చిందని తేలదు, దానికీ విడిగా ఫోటో తీయాలి.

అంగట్లో కొనేవాళ్లకు ఇదంతా సులువు, ఎందుకంటే మనిషి ఎదురుగా ఉంటాడు. డబ్బులిచ్చేముందే ప్లేటు చదివి, మోడల్, సీరియల్ రెండూ బిల్లు మీద పెన్నుతో రాయించుకొని ముద్ర వేయించుకోండి. మిషను బిల్లు ఇస్తే అదే రోజు ఫోటో తీసి పెట్టుకోండి. ఆ కాగితం వేడికి, వెలుతురుకు అక్షరాలు పోగొట్టుకుంటుంది, మన ఎండాకాలంలో బండి డిక్కీలో పడేస్తే వారంటీ అడిగే రోజుకు తెల్లకాగితమే మిగులుతుంది.