పగిలేది ఒకటి, ఊడేది ఇంకొకటి: టీషర్టు మీద స్క్రీన్ ప్రింటా, డీటీఎఫ్‌ స్టిక్కరా, ఏది మేలు?

ఆగస్టులో ఒక సాయంత్రం మా వీధి చివరింటి పిన్ని తన కొడుకు టీషర్టు పట్టుకొని విశాఖ అక్కయ్యపాలెంలోని మా ప్రింటింగ్ షాపుకొచ్చింది. అపార్ట్‌మెంటు క్రికెట్ టీముకి వేయించిన నేవీ బ్లూ కాటన్ టీషర్టు. ఛాతీ మీద తెలుపు, పసుపు రంగుల్లో టీము బొమ్మ. వీపు మీద కుర్రాడి పేరు, దాని కింద 17 అంకె. ఏప్రిల్లో వేరేచోట చేయించారట, ఎనిమిదో తొమ్మిదో ఉతుకులు పడ్డాయి. బల్ల మీద పరిచి, "ఏటి బాబూ, ఒక్క చొక్కాయికి రెండు రోగాలేటి?" అంది.

నిజంగానే రెండు. ముందున్న బొమ్మ ఎండిన చెరువులా నెర్రెలు విచ్చింది, అయినా ఎక్కడా గుడ్డను వదల్లేదు. వెనక 7 అంకె పై మూల గోరంత లేచి నిలబడింది, కానీ ఆ అంకె మీద ఒక్క పగులు లేదు. ముందుది స్క్రీన్ ప్రింటు, అంటే బొమ్మ అచ్చున్న జాలీ తెరలోంచి రంగును నేరుగా గుడ్డ మీదికి నెట్టేది. వెనకది డీటీఎఫ్‌, అంటే బొమ్మను ఫిల్ము మీద ప్రింట్ చేసి, వెనక జిగురు పౌడరు చల్లి, హీట్ ప్రెస్‌తో అతికించేది. జనం దీన్నే స్టిక్కర్ ప్రింట్ అంటారు. ఒకే గుడ్డ, ఒకే ఉతుకు, అయినా రెండూ రెండు రకాలుగా పాడయ్యాయి. ఏది మేలు అని అడిగేవాళ్లకి ఈ టీషర్టు కంటే మంచి జవాబు దొరకదు.

పగలడమంటే రంగు పొర తనలో తానే తెగిపోవడం. ఊడటమంటే పొర బాగానే ఉండి గుడ్డతో పట్టు తప్పడం. మొదటిదానికి రంగు ఉడకకపోవడం కారణం, రెండోదానికి జిగురు గుడ్డలోకి దిగకపోవడం కారణం. ఉతుకు ఈ రెంటినీ బయటపెడుతుంది, చాలాసార్లు పెంచుతుంది కూడా.

ముందు స్క్రీన్ ప్రింటు సంగతి. ఆ బొమ్మకి వాడింది ప్లాస్టిసాల్ అనే రంగు. ఇందులో నీళ్లుండవు. పీవీసీ పొడిని ఒక నూనెలాంటి ద్రవంలో కలిపి చేస్తారు. ఫ్యాను కింద వారం పెట్టినా ఇది ఆరదు, వేడికే గట్టిపడుతుంది. సుమారు 160 డిగ్రీలకి చేరినప్పుడు ఆ పొడి గింజలు ద్రవాన్ని పూర్తిగా పీల్చుకొని ఒకదానిలో ఒకటి కలిసిపోయి, రబ్బరులా సాగే ఒకే పొర అవుతుంది. దీన్నే మేం ఉడకడం అంటాం. ఈ వేడి పైపైన తగిలితే చాలదు, పొర అడుగుదాకా అందాలి. అంతకంటే చాలా తక్కువ వేడికే పైభాగం వేలికి అంటనంతగా గట్టిపడుతుంది. మోసం జరిగేది అక్కడే. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, అడుగున మాత్రం పచ్చిగానే ఉంటుంది. అలాంటి పొరకి సాగే గుణం రాదు. టీషర్టు అల్లిక గుడ్డ, తల దూర్చిన ప్రతిసారీ సాగుతుంది. గుడ్డ సాగి, రంగు సాగకపోతే నెర్రెలే.

నల్లటి, నీలం గుడ్డల మీద తెల్ల రంగు ఎక్కువగా పగలడానికి ఇంకో కారణముంది. ముదురు గుడ్డ కనపడకుండా తెలుపును రెండు పొరలు వేస్తాం, పైగా తెలుపు వేడిని వెనక్కి కొడుతుంది. నల్ల రంగు ఉడికేంత సమయంలో తెలుపు ఉడకదు.

దీనికి తోడు మన ఊరి గాలి. విశాఖలో జూన్ నుంచి అక్టోబరు దాకా గోదాములో పడున్న కాటన్ టీషర్టులు చేతికే చెమ్మగా తగులుతాయి. పత్తి గాల్లో తేమను తాగుతుంది. మామూలు తేమలోనే తన బరువులో సుమారు 8 శాతం నీళ్లు పట్టి ఉంచుకుంటుంది, సముద్రపు గాలికి ఇంకా ఎక్కువ. ఆ గుడ్డ రంగును ఉడికించే డ్రయ్యరు బెల్టు మీదికి వెళ్లినప్పుడు వేడి ముందు ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ఎండాకాలంలో సరిపోయిన బెల్టు వేగం వానాకాలంలో సరిపోదు. మిషను అదే, రంగు అదే, అయినా సరుకు పగిలి తిరిగొస్తుంది. మేం వానల్లో బెల్టు నెమ్మది చేస్తాం, ప్రతి లాట్‌లో ఒక టీషర్టు తీసి సాగదీసి చూస్తాం.

మీరూ కొనేచోటే ఈ పరీక్ష చేయొచ్చు. బొమ్మకి అటూ ఇటూ రెండు బొటనవేళ్లు పెట్టి గుడ్డను మెల్లగా సాగదీయండి. ఉడికిన రంగు గుడ్డతోపాటు సాగి వెనక్కి వస్తుంది. ఉడకనిది సన్నటి గీతలుగా విడిపోయి లోపలి గుడ్డ రంగు కనిపిస్తుంది, వదిలేశాక కూడా ఆ గీతలు మూసుకోవు. పిన్ని తెచ్చినదాన్ని కాస్త సాగదీసేసరికి పసుపు బాగానే ఉంది, తెలుపు మాత్రం కొత్తచోట్ల కూడా విడిపోయింది. ఉడకలేదని అక్కడే తేలిపోయింది. ఒక్క ఉతుకు వల్లే పగల్లేదు, ఏప్రిల్లోనే దాని రాత అలా రాసి ఉంది.

ఇప్పుడు వెనకున్న 17. డీటీఎఫ్‌లో బొమ్మ ముందే తయారై ఉంటుంది కాబట్టి ప్రెస్సు దగ్గర జరిగేదంతా అతకడమే. ఫిల్మును గుడ్డ మీద పెట్టి 150 నుంచి 160 డిగ్రీల్లో సుమారు 15 సెకన్లు గట్టిగా నొక్కితే జిగురు కరిగి నూలు పోగుల మధ్యకి దిగుతుంది. ఫిల్ము లాగేశాక పైన టెఫ్లాన్ షీటు వేసి ఇంకో అయిదు పది సెకన్లు రెండోసారి నొక్కాలి. బొమ్మను గుడ్డలో ఇమిడేలా చేసేది ఈ రెండో నొక్కుడే. తొందరలో చాలామంది మానేసేదీ ఇదే. గుడ్డ చెమ్మగా ఉంటే ఇక్కడా చిక్కే. ఆవిరి జిగురు కిందే చిక్కుకొని పట్టు రానివ్వదు. అందుకే ఫిల్ము పెట్టకముందు ఉత్త టీషర్టును అయిదు సెకన్లు నొక్కి తేమ తీసేస్తాం.

7 పై మూలను నేను వేలితో తడిమాను. దాని పక్కనే భుజం కుట్టు పోతోంది. కుట్టు ఎత్తుగా ఉంటే ప్రెస్సు పలక దాని మీదే ఆగిపోయి, పక్కనున్న గుడ్డ మీద ఒత్తిడి పడదు. అంకెను రెండంగుళాలు కిందికి దించి ఉంటే ఈ ఊడటం ఉండేది కాదు. మిగిలిన అంకె అంతా, పేరుతో సహా, గోటితో గీకినా కదల్లేదు.

ఇక పిన్ని ఎలా ఉతికిందో అడిగాను. రాత్రంతా సర్ఫు నీళ్లలో నానబెట్టి, పొద్దున్న దుప్పట్లతో కలిపి మిషనులో కాటన్ ప్రోగ్రాం మీద 60 డిగ్రీల వేడినీళ్లలో వేసేదట. వాసన కోసం చివర్లో కంఫర్టు. డాబా మీద తిరగేయకుండా ఎండలో ఆరేసి, ఇస్త్రీ బండికి ఇచ్చేదట.

ఇందులో స్క్రీన్ ప్రింటుకి ఎక్కువ చేటు చేసింది వేడినీళ్లు, దుప్పట్ల రాపిడి. వేడికి కాటన్ కుంచించుకుపోతుంది, రంగు పొర కుంచించుకోదు, ఆ లాగుడంతా బొమ్మ మీదే పడుతుంది. డీటీఎఫ్‌కి చేటు చేసింది ఇస్త్రీ. ఆ జిగురు వేడికి కరిగి అతికేది కాబట్టి, మళ్లీ అంత వేడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. బండి మీది బొగ్గుల పెట్టెకి డిగ్రీల మీటరు ఉండదు. కాటన్‌కి వాడే ఇస్త్రీ వేడి 200 డిగ్రీల దాకా పోతుంది. అదే పెట్టె ప్లాస్టిసాల్ మీద నేరుగా పెడితే రంగు కరిగి పెట్టెకే అంటుకుంటుంది. కంఫర్టు లాంటివి నూలుకి జారుడు పూత వేస్తాయి, జిగురు పట్టుకి అది మంచిది కాదు.

అందుకని నేను చెప్పేది ఇంతే. ప్రెస్సు నుంచి వచ్చిన టీషర్టును కనీసం 24 గంటలు తడపొద్దు. ఉతికేటప్పుడు లోపలి వైపు బయటికి తిప్పండి, బొమ్మకి రాపిడి తగ్గించడంలో దీన్ని మించింది లేదు. చన్నీళ్లు, తక్కువ సబ్బు, పావుగంట మించని నానబెట్టడం. బొమ్మ మీద బ్రష్షు, బండరాయి వద్దు. పిండేటప్పుడు బొమ్మ ఉన్నచోట మెలితిప్పకుండా అంచులు పిండండి. అలా తిరగేసే నీడలో ఆరేయండి. ఇస్త్రీ చేయాల్సివస్తే తిరగేసి ఉంచే, తక్కువ వేడిలో. బండికిస్తే "బొమ్మ మీద పెట్టొద్దు" అని చెప్పడం కంటే తిరగేసి మడిచి ఇవ్వడమే నయం. డ్రైక్లీనింగ్‌కి అసలు ఇవ్వొద్దు, ఆ ద్రావకం ప్లాస్టిసాల్‌లోని మెత్తదనాన్ని లాగేసి బొమ్మను పెళుసుగా మారుస్తుంది.

మరి ఏది మేలు? యాభై టీషర్టులు, రెండు మూడు రంగుల ఒకే బొమ్మ అయితే నేను స్క్రీన్ ప్రింటే అంటాను. సరిగ్గా ఉడికితే అది టీషర్టు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. ఉతుకు కొంచెం మొరటుగా ఉన్నా తట్టుకుంటుంది. ఒకటో రెండో టీషర్టులైతే, లేదా ఫొటోలా బోలెడు రంగులుంటే డీటీఎఫ్‌. స్క్రీన్ ప్రింటులో ఒక్కొక్క రంగుకి ఒక స్క్రీను తయారుచేయాలి, ఆ ఖర్చు అయిదింటికైనా యాభైకైనా ఒకటే. కానీ డీటీఎఫ్‌లో ఛాతీ నిండా పరిచిన పెద్ద నిండు బొమ్మ నాకు నచ్చదు. మన ఉక్కకి గాలాడదు, దాని కింద చెమట పడుతుంది, సాగినప్పుడు అది కూడా పగులుతుంది. తెల్ల, లేత రంగు టీషర్టులకైతే నీళ్ల పిగ్మెంట్ రంగుతో స్క్రీన్ ప్రింటు అడగండి. రంగు పోగుల్లోకే ఇంకుతుంది కాబట్టి పగలడానికి మందపాటి పొరే ఉండదు. దీన్నీ వేడితో ఉడికించాలి, ఎండలో ఆరబెట్టి ఇచ్చేస్తే నాలుగు ఉతుకుల్లో వెలిసిపోతుంది.

పిన్ని టీషర్టులో వెనకది నిలబెట్టగలిగాను. లేచిన మూల కింద దుమ్ము, సబ్బు పొడి లేకుండా దులిపి, కుట్టును పలక అంచు బయటికి జార్చి, టెఫ్లాన్ షీటు వేసి 150 డిగ్రీల్లో 15 సెకన్లు నొక్కాను. చల్లారాక లాగి చూస్తే రాలేదు. ముందు బొమ్మను కూడా 160లో నొక్కి ఉడికించాను, ఇక కొత్త పగుళ్లు తగ్గాలి. పాతవి పూడవని మాత్రం ముందే చెప్పాను. ఆవిడ టీషర్టును తిరగేసి, అలాగే మడిచి సంచిలో పెట్టుకుంది.