మైగ్రేన్‌కి మెగ్నీషియం, రైబోఫ్లేవిన్: రెండేళ్లకు పైగా వాడాక

నాకు పార్శ్వనొప్పి కాలేజీ రోజుల నుంచి ఉంది. న్యూరాలజిస్టు చెప్పిన మీదట మెగ్నీషియం, రైబోఫ్లేవిన్ (బి2 విటమిన్) మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. ఫలితం ముందే చెప్పేస్తాను: నొప్పి పోలేదు, వచ్చే రోజులు మాత్రం సుమారు మూడో వంతు తగ్గాయి. వచ్చిన రోజున తీవ్రత పాతదే. మాత్ర వేసుకుని, కర్టెన్లు దించి పడుకోవాల్సిందే.

కొనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది డబ్బా వెనక ఉండే చిన్న అక్షరాలు. మా చెల్లి తెచ్చుకున్న డబ్బా మీద పెద్దగా ‘మెగ్నీషియం గ్లైసినేట్ 500 మి.గ్రా.’ అని ఉంది. అది మొత్తం లవణం బరువు. గ్లైసినేట్‌లో అసలు మెగ్నీషియం సుమారు 14 శాతమే కాబట్టి ఒక్కో మాత్రలో ఒంటికి అందేది 70 మి.గ్రా. దగ్గర. 1996లో జర్మనీలో చేసిన పరీక్షలో సిట్రేట్ రూపంలో రోజుకి 600 మి.గ్రా. అసలు మెగ్నీషియం ఇచ్చారు. అంత అందాలంటే మా చెల్లి రోజుకి దాదాపు తొమ్మిది మాత్రలు మింగాలి! ఆక్సైడ్‌లో అసలు మెగ్నీషియం 60 శాతం ఉంటుంది, ధరా తక్కువే. కాకపోతే ఒంటికి పట్టేది తక్కువ, కడుపు మీద దెబ్బ ఎక్కువ.

నాకు డాక్టరు మొదట రాసింది 400 మి.గ్రా. ఆక్సైడ్ మాత్ర, అంటే లెక్కకి 240 మి.గ్రా. చిల్లర. మొదటి వారమే విరేచనాలు పట్టుకున్నాయి. ఆ జర్మనీ పరీక్షలోనూ దాదాపు ఐదుగురిలో ఒకరికి ఇదే ఇబ్బంది వచ్చిందట. సిట్రేట్‌కి మార్చి, రాత్రి భోజనం అయ్యాక వేసుకోమన్నారు. అప్పటి నుంచి కడుపు కుదుటపడింది.

రైబోఫ్లేవిన్‌కి బెల్జియంలో 1998లో జరిగిన పరీక్షే ఆధారంగా చెబుతారు. 55 మంది, రోజుకి 400 మి.గ్రా., మూడు నెలలు. నొప్పి వచ్చే రోజులు సగానికి సగం తగ్గినవాళ్లు మందు తీసుకున్నవాళ్లలో 59 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 15 శాతం. చిన్న పరీక్షే అయినా ఒక సంగతి పనికొస్తుంది: తేడా బాగా కనబడింది మూడో నెలలోనే. ‘పదిహేను రోజులు వాడాను, ఏమీ లేదు’ అనే మాటకి ఇక్కడ అర్థం లేదు. మందుల షాపులో ఇచ్చే మామూలు బి-కాంప్లెక్స్ ఆ మోతాదుకి దరిదాపుల్లోకి కూడా రాదు. విడిగా 400 మి.గ్రా. మాత్రలు మా ఊళ్లో దొరక్క ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. మూత్రం పసుపుపచ్చగా మెరిసిపోతుంది, కంగారు పడక్కర్లేదు.

నొప్పి మంచం ఎక్కించే నెలలోనే ఎవరైనా కొత్త మందు మొదలుపెడతారు. ఆ తర్వాతి నెల దానంతటదే కొంత నయమవుతుంది, పేరు మందుకి వస్తుంది. అందుకే డైరీ రాశాను: నొప్పి వచ్చిన తేదీ, వేసుకున్న మాత్ర, నెలసరి తేదీలు. ఏడాది తర్వాత డాక్టరుని అడిగి ముందు రైబోఫ్లేవిన్ ఆపాను. మూడు నెలలు చూసినా డైరీలో ఏ మార్పూ లేదు. తర్వాత మెగ్నీషియం ఆపితే నెలసరికి ముందు వచ్చే నొప్పులు మళ్లీ ఎక్కువయ్యాయి. ఇప్పుడు మెగ్నీషియం ఒక్కటే వాడుతున్నాను. ఇది నా ఒంటి లెక్క. పక్కింటావిడకి బి2తోనే బాగుంది.

మైగ్రేన్‌కి వాడే మరో సప్లిమెంట్ కో-ఎంజైమ్ క్యూ10 నేను వాడలేదు. ఆధారం ఇంకా పలచన, ఖర్చు ఎక్కువ. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లకి దానితో చిక్కు రావచ్చు. బటర్‌బర్ అనే మూలిక జోలికి మాత్రం అసలు వెళ్లకండి. 2012లో అమెరికా న్యూరాలజీ సంఘం మంచి ఆధారం ఉందని చెప్పినదే, కాలేయం దెబ్బతింటుందన్న భయంతో 2015లో ఆ మార్గదర్శకాలనే వెనక్కి తీసుకున్నారు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుకి చెప్పకుండా మెగ్నీషియం ముట్టుకోకూడదు, బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది. థైరాయిడ్ మాత్రకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మా అమ్మ ఉదయం అది, రాత్రి ఇది వేసుకుంటుంది. కొన్ని యాంటీబయాటిక్‌లనూ ఇది ఒంటికి పట్టనివ్వదు. గర్భిణులు సొంతంగా ఏదీ మొదలుపెట్టొద్దు.

ఒక్కటి మాత్రం ఈ మాత్రలతో తేలదు. నెలలో 15 రోజులు, మైగ్రేన్‌కే ఇచ్చే ట్రిప్టాన్‌లూ, ఒకటికి మించి మందులు కలిపిన కాంబినేషన్ మాత్రలూ అయితే 10 రోజులు, అంతకు మించి నొప్పి మాత్రలు మింగుతుంటే ఆ మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయి. డైరీలో ఆ లెక్క కనబడితే మెగ్నీషియం డబ్బా కొనే ముందు న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. ఎన్నడూ లేనంత నొప్పి ఒక్క నిమిషంలో ముంచుకొచ్చినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే ఎమర్జెన్సీకే.