ఓఆర్‌ఎస్ ఒక్కటే చాలా, జింకు బిళ్ళ కూడా వెయ్యాలా?

మా చెల్లెలు విజయవాడ కృష్ణలంకలో ఉంటుంది. మొన్న వానలకి దాని ఏడాదిన్నర కొడుక్కి నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. ఆశా కార్యకర్త రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, 14 జింకు బిళ్ళల అట్ట ఒకటి ఇచ్చి వెళ్లింది. వాళ్లత్తగారు అట్ట తిరగేసి చూసి, "ఓఆర్‌ఎస్ పడుతున్నాంగా, మళ్లీ ఈ బిళ్ళ దేనికమ్మా?" అన్నారట.

అడగాల్సిన ప్రశ్నే. ఓఆర్‌ఎస్ పని, పోయిన నీళ్లనీ ఉప్పునీ తిరిగి ఒంట్లోకి చేర్చడం. పేగు దెబ్బతిన్నా సోడియం, గ్లూకోజు జతగా లోపలికి వెళ్లే దారి చాలావరకు తెరిచే ఉంటుంది. వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. బిడ్డ ప్రాణం నిలిపేది ఇదే. అయితే విరేచనాలు ఎన్నాళ్లుంటాయన్నది దీనివల్ల పెద్దగా మారదు. రెండు రోజులు పట్టి, "పనిచెయ్యట్లేదు" అని మానేసే ఇళ్లు అందుకే అన్ని.

జింకుది మరమ్మతు పని. పేగు లోపలి పొర మఖమల్ గుడ్డలా నూగుగా ఉంటుంది. రోటావైరస్ లాంటివి ఆ నూగు కొసల్ని పాడుచేస్తాయి. అడుగు నుంచి కొత్త కణాలు పుట్టి పైకి రావడానికి మామూలుగానే నాలుగైదు రోజులు పడుతుంది. ఆ కణాలు పుట్టడానికీ, పక్కపక్క కణాల మధ్య అతుకు బిగియడానికీ జింకు కావాలి. విరేచనాల్లో కొట్టుకుపోయేదీ ఆ జింకే.

తేడా ఎంతంటే, ఆరు నెలలు దాటిన పిల్లల్లో సగటున సగం రోజు ముందు తగ్గుతుంది. పోషణ తక్కువైన పిల్లల్లో దాదాపు ఒక రోజు. వారం దాటి సాగే కేసులూ తగ్గుతాయి. సగం రోజు తేడా మన ఒక్క పిల్లాడిలో కంటికి ఆనదు, అది ఒప్పుకోవాలి. ఆరు నెలల లోపు పసివాళ్లలో ఈ లాభం స్పష్టంగా కనబడలేదు.

ఒక్కటే దొరికితే ఓఆర్‌ఎస్సే నా ఓటు, రెండూ ఉంటే రెండూ. ఓఆర్‌ఎస్ మానేసి జింకు ఒక్కటే వెయ్యడం మాత్రం ప్రమాదం. నీళ్లు ఎండిపోతున్న బిడ్డకి మరమ్మతు జరిగే దాకా ఆగే టైము ఉండదు.

చెల్లెలు ప్యాకెట్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, మోషన్ అయినప్పుడల్లా అరగ్లాసు దాకా స్పూనుతో పట్టింది. 20 మిల్లీగ్రాముల బిళ్ళని స్పూను నీళ్లలో కరిగించి రోజుకొకటి వేసింది. మొదటి రోజు వాడు కక్కేశాడు. ఇనుప రుచి, వాంతి, ఇవే దీని లోపం. కాస్త ఆగి ఇంకొకటి వేస్తే నిలిచింది. ఢిల్లీలోనూ టాంజానియాలోనూ చేసిన ఒక అధ్యయనం 2020లో వెలువడింది. అందులో 5, 10 మిల్లీగ్రాములు కూడా 20కి దీటుగా పనిచేశాయి, వాంతులు తగ్గాయి. అలాగని మోతాదు మనం మార్చకూడదు, డాక్టరు చెప్పిందే వెయ్యాలి. కళ్లు లోతుకి పోయినా, ఒంటేలు ఆగినా, నెత్తురు పడినా, తాగలేకపోయినా ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి.

నాలుగో రోజుకి వాడికి తగ్గింది. "ఇంకా పది బిళ్ళలున్నాయి, దాచిపెట్టనా?" అని అత్తగారు అడిగారు. "దాచేది కాదత్తయ్యా, పద్నాలుగూ వాడివే," అని చెల్లెలు అట్టని ఫ్రిజ్ మీద పెట్టింది, రోజూ కనబడేలా.