మూడేళ్లుగా ధరల గ్రాఫ్ చూసే కొంటున్నా: వాడాక తెలిసిన సంగతులు

మాది ఆంధ్రా సరిహద్దు దగ్గర, ఒడిశాలోని రాయగడ. ఇక్కడి బజార్లో దొరకని వస్తువు కావాలంటే పార్వతీపురం వెళ్లాలి, లేదా ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి. మా ఇంట్లో ఆన్‌లైన్ పని నాదే కాబట్టి మూడేళ్లుగా ఏది కొన్నా ముందు పాత ధరల గ్రాఫ్ చూస్తున్నాను. అమెజాన్ వస్తువులకు కీపా, మిగతా సైట్లకు బైహట్కే వాడతాను. రెండూ బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్‌గా పెట్టుకోవచ్చు. కీపా అమెజాన్‌కు మాత్రమే పనిచేస్తుంది, ధరల గ్రాఫ్ వరకు డబ్బు కట్టక్కర్లేదు. బైహట్కే మన దేశంలోని చాలా షాపింగ్ సైట్లకు పనికొస్తుంది.

గ్రాఫ్ ఉంటే చాలదు, అందులో ఏ అంకె చూడాలో తెలియాలి. ఆ సంగతి నాకు అమ్మ మిక్సీ విషయంలో అర్థమైంది.

దసరా ముందు అమ్మ మిక్సీలో జార్ కింద కప్లర్ అరిగిపోయింది, పప్పు రుబ్బుతుంటే బ్లేడ్ తిరగడం లేదు. కొత్తది కొందాం అనుకునేసరికి ఒక పెద్ద సైట్‌లో పండగ సేల్ మొదలైంది. 750 వాట్ల మిక్సీ, గీత కొట్టిన ధర 7,499, సేల్ ధర 3,299, పక్కన 56 శాతం తగ్గింపు అని ఎర్ర అక్షరాలు. అక్క ఫోన్ చేసి "ఒరే, ఈ రాత్రికే అయిపోతుందట, పెట్టేయరా" అంది. గ్రాఫ్ తెరిచాను. ఏప్రిల్ నుంచి దాదాపు అన్ని రోజులూ 2,899 దగ్గర గీత బల్లపరుపుగా ఉంది. సేల్‌కు ఇరవై రోజుల ముందు అది 3,899కి ఎక్కి అక్కడే నిలబడింది, సేల్ మొదటి రోజున 3,299కి దిగింది. అంటే సేల్‌లో కొంటే మామూలు రోజుల కన్నా నాలుగు వందలు ఎక్కువ కట్టినట్టు.

మరి ఆ 7,499 ఎక్కడిది అంటే, అది డబ్బా మీద ఉన్న ఎమ్మార్పీ. చాలామంది దాన్ని నిన్నటి దాకా అమ్మిన ధర అనుకుంటారు, కాదు. అది ఇంతకు మించి అమ్మకూడదని పైన గీసిన హద్దు, తయారుచేసేవాళ్లో ప్యాక్ చేసేవాళ్లో వేసుకునే అంకె. అంతకన్నా ఎక్కువకు అమ్మితే నేరం గానీ, అసలు ఎప్పుడూ అమ్మని ధరను ఎమ్మార్పీగా వేసి దాని మీద శాతాలు లెక్కకట్టి చూపించడం రోజూ కనబడుతూనే ఉంది. యూరోపియన్ యూనియన్‌లో 2022 మే 28 నుంచి తగ్గింపు అని ప్రకటిస్తే అంతకుముందు 30 రోజుల్లోని అతి తక్కువ ధర చెప్పాలని నియమం వచ్చింది. అలాంటిది ఇక్కడ ఉంటే ఈ మిక్సీ పక్కన 56 అనే అంకె వేయగలిగేవాళ్లు కాదు, నాకు నిజంగా కోపం వచ్చేది ఇక్కడే.

ఇప్పుడు అసలు సంగతి. గ్రాఫ్ కింద ఈ టూల్స్ అత్యధికం, అత్యల్పం, సగటు అని మూడు అంకెలు చూపిస్తాయి. మొదట్లో నేను సగటు చూసి నిర్ణయించేవాణ్ణి. ఈ మిక్సీకి ఆరు నెలల సగటు 3,200 పైచిలుకు వచ్చింది, దాన్ని బట్టి చూస్తే 3,299 పెద్ద మోసంలా కనబడదు. ఎందుకలా అని గ్రాఫ్‌ను దగ్గరగా చూస్తే, ఏప్రిల్‌లో పన్నెండు రోజులు ధర 5,999 ఉంది. రోజూ అమ్మేవాడి దగ్గర సరుకు అయిపోయినప్పుడు వేరే సెల్లర్ పెద్ద ధర పెట్టుకుని కూర్చుంటాడు, గ్రాఫ్‌లో అదే పడుతుంది. ఆ పన్నెండు రోజులు, సేల్ ముందు పెంచిన ఇరవై రోజులు కలిసి సగటును పైకి లాగేశాయి. అత్యల్పం చూసినా ఇబ్బందే, జనవరిలో ఒక్క రోజు 2,399 ఉంది, దాని కోసం కూర్చుంటే అమ్మ ఏడాదంతా రోట్లో రుబ్బుకోవాలి. అందుకని ఆ మూడూ పక్కన పెట్టి, గత మూడు నాలుగు నెలల్లో ఎక్కువ రోజులు నిలబడిన ధర ఏది అని మాత్రమే చూస్తున్నాను. గ్రాఫ్‌లో అన్నిటికన్నా పొడుగైన అడ్డగీత ఎక్కడుందో కంటికే తెలిసిపోతుంది.

సరుకు అయిపోయి పెరిగిన ధరకీ, సేల్ కోసం పెంచిన ధరకీ తేడా గ్రాఫ్‌లో చాలావరకు తెలుస్తుంది. మొదటిది ఒక్కసారిగా నిలువుగా లేచి, కొన్నాళ్లకు మళ్లీ పాత ధరకే వచ్చేస్తుంది. రెండోది సేల్‌కు రెండు మూడు వారాల ముందు మెట్టులా ఎక్కి, సేల్ మొదటి రోజున దిగుతుంది, కానీ పాత మెట్టు దాకా దిగదు.

బ్యాంక్ కార్డు తగ్గింపులు, కూపన్లు గ్రాఫ్‌లో సరిగా కనబడవు, ఆ లెక్క మనమే వేసుకోవాలి. "కార్డు మీద పది శాతం వస్తుంది కదా" అన్నాడు బావ. 3,299లో పది శాతం పోతే 2,969, అప్పటికీ 2,899 కన్నా డెబ్బై ఎక్కువే.

మా సరిహద్దు ఊళ్లవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. గ్రాఫ్‌కు పిన్‌కోడ్ తెలియదు. ఒకసారి స్టాండ్ ఫ్యాన్ చూస్తుంటే పార్వతీపురంలో అక్క ఫోన్‌లో ఒక ధర, నా ఫోన్‌లో మూడు వందలు ఎక్కువ. తక్కువకు ఇచ్చే సెల్లర్ మా పిన్‌కోడ్‌కు పంపడట, మాకు ఇంకొకరి ధర చూపిస్తోంది. దాన్ని ధర పెంచడం అనుకుని పొరబడ్డాను. ఇప్పుడైతే గ్రాఫ్‌కీ పేజీకీ పొంతన లేకపోతే ముందు సెల్లర్ పేరు చూసి, అక్క అడ్రస్ పెట్టి ఇంకోసారి చూస్తాను. అవసరమైతే అక్కడికే తెప్పించుకుంటాను, ఆదివారం ఎలాగూ వెళ్తాను కాబట్టి.

గ్రాఫ్ అసలు లేకపోతే? అమెజాన్ లింకులో `/dp/` తర్వాత ఉండే పది అక్షరాల కోడ్‌ను బట్టే చరిత్ర నమోదవుతుంది. రంగు మారినా సైజు మారినా కోడ్ వేరు, గ్రాఫ్ కూడా వేరు. అదే వస్తువును కొత్త కోడ్‌తో మళ్లీ పెడితే పాత చరిత్ర కనబడదు. పది రోజుల గ్రాఫే ఉండి, మోడల్ మాత్రం బజార్లో ఏడాదిగా ఉన్నదైతే నేను ఆ మోడల్ నంబర్ పెట్టి వెతుకుతాను, పాత పేజీ దొరికితే దాని గ్రాఫ్ చూస్తాను. దొరక్కపోతే ఊళ్లో షాపులో ధర అడుగుతాను.

ఇలాంటి చాలా టూల్స్ మనం వాటి లింకు ద్వారా కొంటే వచ్చే కమీషన్ మీద బతుకుతాయి. అందుకే అవి ఇచ్చే "ఇప్పుడే కొనండి" లాంటి సలహాలు నేను పట్టించుకోను, గీత మటుకే చూస్తాను.

మిక్సీ సంగతి చెప్పాలి కదా. మెయిన్ రోడ్డులో రిపేర్ షాపులో కప్లర్ మార్పించాం, దసరాకు గారెల పప్పు దానిలోనే రుబ్బింది అమ్మ. దీపావళి వెళ్లాక నవంబర్ రెండో వారంలో ధర మళ్లీ 2,899కి వచ్చింది, అప్పుడు కొన్నాను. పేజీలో మాత్రం 61 శాతం తగ్గింపు అని ఉంది, సేల్ బోర్డు ఏమీ లేకుండానే.