కవరు కింద మందారం కొమ్మలు: చిగురును చూసి మోసపోయాను

మూడేళ్లుగా వానాకాలం రాగానే మందారం, గులాబి కొమ్మలను కుండీల్లో గుచ్చి పైన ప్లాస్టిక్ కవరు తొడుగుతున్నాను. పద్ధతి అందరికీ తెలిసిందే. నా కోపమంతా ఆ కవరు లోపల వచ్చే చిగురు మీద.

మొదటి ఏడాది జూలైలో రెక్క మందారం కొమ్మలు పన్నెండు పెట్టాను. రెండు వారాలు తిరిగేసరికి తొమ్మిదింటికి చిగుళ్లు వచ్చాయి. ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను. మూడో వారం ఒక ఉదయం కవర్లన్నీ ఒకేసారి తీసేశాను. మధ్యాహ్నానికి ఆకులు వేలాడిపోయాయి. దాహమేమోనని నీళ్లు పోశాను, సాయంత్రం మళ్లీ పోశాను. నాలుగో రోజు ఒక కొమ్మ పీకి చూస్తే ఒక్క వేరు లేదు. కోసిన అంచు చుట్టూ తెల్లని గట్టి బుడిపెలు మాత్రం ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది. చిగురు రావడానికి వేరుతో పని లేదు, కొమ్మలో దాచుకున్న పిండిపదార్థం చాలు. కవరు లోపల గాలి తడిగా ఉన్నంతసేపూ ఆకు పెద్దగా నీరు కోల్పోదు కాబట్టి కింద వేరు లేని సంగతి బయటపడదు. మందారానికి వేళ్లు రావడానికి నెల, నెలన్నర పడుతుంది. నేను అంతకాలం ఆగలేదు.

ఆ తొమ్మిదింటిలో ఒక్కటే బతికింది. దాని కవరు ఊతపుల్ల గుచ్చుకుని ముందే చిరిగింది. ఆ చిరుగులోంచి పొడిగాలి కొద్దికొద్దిగా దూరి ఆకును బయటి వాతావరణానికి అలవాటు చేసిందని నా నమ్మకం. ఇప్పుడు నేనే పుల్లతో రంధ్రాలు పొడుస్తున్నాను. కుండీ అడుగు రంధ్రంలో వేరు కనిపించాక, లేదా కొమ్మను మెల్లగా లాగితే మట్టి పట్టి ఆపాక, వారానికి రెండు మూడు చొప్పున.

కవరు ఉంటే రోజూ నీళ్లు పోయనక్కరలేదని అప్పట్లో నలుగురికీ చెప్పాను. అది సగం నిజం. రెండో ఏడు తోటమట్టి బాగా తడిపి మూసేస్తే, కొమ్మలు అడుగు నుంచి నల్లబడ్డాయి. వేలితో రుద్దితే బెరడు తొక్కలా ఊడివచ్చింది. ఇప్పుడు సగం ఇసుక, సగం కొబ్బరి పొట్టు కలుపుతున్నాను. పిడికెడు తీసి పిండితే నీరు కారకుండా ఉండాలి.

గులాబి సంగతి వేరు. పక్కింటి నాటు గులాబి నుంచి పెన్సిలంత లావు కొమ్మలు తెచ్చి, కణుపు కింద కోసి పెడితే సగం బతికాయి. పూలగుత్తిలో వచ్చిన పొడవాటి గులాబి కాడలు మాత్రం మూడేళ్లలో ఒక్కటీ నిలవలేదు.

మా బాల్కనీకి ఉదయం ఎండ సూటిగా తగులుతుంది, అందులో కవరు పెడితే కొమ్మ ఉడికిపోతుంది. అందుకే కుండీలను మెట్ల కింద ఉంచాను. నీడ, వెలుతురు రెండూ ఉన్న ఇంట్లో ఫలితం ఇంకా మెరుగ్గా ఉండవచ్చు. ఈసారి ఎనిమిది మందారాల్లో ఐదింటికి వేళ్లు పట్టాయి. మిగిలిన మూడూ చిగురించి నెలైంది, కవర్లు ఇంకా తీయలేదు.